నీరడి మూడు అధ్యాయాల్లో చెదిరిపోయాడు

వరంగల్ చెరువుల మీద పీహెచ్‌డీ చేస్తున్న మా విద్యార్థిని పోయిన నెల డ్రాఫ్ట్ తెచ్చిచ్చింది. మొత్తం ఐదు అధ్యాయాలు: కాకతీయులు, 1323 తర్వాతి కాలం, అసఫ్‌జాహీలు, 1948 నుంచి తెలంగాణ వచ్చేదాకా, ఆపైన మిషన్ కాకతీయ. ఆ వరుస మార్చమని రెండు పేజీల నోట్ రాసిచ్చాను. "చరిత్రంటే కాలక్రమమే కదా సార్" అంది. ఆ మాటకు జవాబే ఇది.

ఆమె అడుగుతున్నది చెరువు ఎప్పుడు కట్టారని కాదు. కట్ట, తూము, పూడిక చూసుకునే పని ఎవరి చేతిలో ఉండేది, అది ఎట్లా జారిపోయింది అని. జవాబు డ్రాఫ్ట్‌లోనే ఉంది, కాకపోతే ముక్కలుగా. నీరడినే చూడండి. తూము తెరిచి మడిమడికీ నీళ్లు పారించే మనిషి. మూడో అధ్యాయంలో కళ్లం కాడ రైతులు కొలిచే వడ్లతో బతుకుతున్నాడు. నాలుగో దాంట్లో ఆ కొలత ఆగింది, 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలొచ్చాయి. ఐదో దాంట్లో 2015 నాటి పూడికతీత ఉంది, నీరడి ఇక లేడన్న మాటా ఉంది. ఒక ముక్కకూ ఇంకో ముక్కకూ మధ్య నలభై పేజీల పాలనా చరిత్ర. అంతసేపు నీరడిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఇంతకన్నా పెద్ద చిక్కు ఆధారాలది. శాసనం చెరువు కట్టించినవాడిని, చెరువు కోసం ఇచ్చిన దశబంధ మాన్యాన్ని చెప్తుంది. రెవెన్యూ రికార్డు శిఖం, అంటే చెరువు లోపలి భూమి, ఆయకట్టు లెక్కలు చెప్తుంది. తూము కాడి తగాదాలు ముసలి రైతులే చెప్పాలి. కాలం వారీగా పేర్చితే ఒక్కో అధ్యాయం ఒక్కో రకం ఆధారం చెప్పినట్టల్లా వింటుంది. కాకతీయుల అధ్యాయంలో దాతలే కనిపిస్తారు, నీళ్లు పంచినవాడు కనిపించడు. అప్పుడు అట్లాంటి మనిషే లేడని చదివినవాళ్లు అనుకుంటారు. ఆమె చూసిన శాసనాల్లో ఆ ఊసు లేదు, అంతే. మూడు కాలాల పంపకాన్నీ ఒకేచోట పెడితే ఆ ఖాళీ ఖాళీగానే కనబడుతుంది, దాని గురించి ఆమె రాయక తప్పదు.

అందుకే మూడు అధ్యాయాలు చెప్పాను: ఖర్చు ఎవరిది, తూము కాడ పంపకం, పూడికా శిఖం ఆక్రమణా. ప్రతిదాని లోపలా కాలక్రమం ఉండాల్సిందే, లేకపోతే 1213 నాటి సంగతులు, 1956 నాటి సంగతులు కలగాపులగమవుతాయి. ముందు ఒక పది పేజీల కాలరేఖ చాలు. వరంగల్‌లోని ఆజంజాహీ బట్టల మిల్లు మీద రాస్తుంటే మాత్రం ఈ మాట అనేవాణ్ని కాదు. మిల్లు పెట్టడం, నష్టాలు, మూతపడటం ఒకదాని వెంట ఒకటి వచ్చినవి, అక్కడ వరుసే వాదన.

నమ్మకం కుదరకపోతే రంగు పెన్సిళ్లు తీసుకుని ఒక్కో విషయానికి ఒక్కో రంగు గీయమన్నాను. గీసుకొచ్చింది. నీరడి ఎరుపు మూడు అధ్యాయాల్లో చెదిరి ఉంది. రెండో అధ్యాయంలో ఏ రంగూ లేని పేజీలు ముప్పై పైనే, అన్నీ రాజుల వరుసే. కాలరేఖలో అది రెండు పేజీలవుతుంది. ఆరు నెలల పని సార్, అని ఇంకా అలిగే ఉంది.