కత్తిరించిన వీడియో, పేరులేని హెచ్చరిక

ఇరుకు వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. మోటారు సైకిల్ మీద ఇద్దరు వస్తారు. వెనక కూర్చున్నవాడు ఒక పిల్లవాణ్ని లాక్కుంటాడు, బండి దూసుకుపోతుంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న హెచ్చరికతో ఈ వీడియో దేశంలో ఎన్నో చోట్ల వాట్సాప్‌లో తిరిగింది. నిజానికి అది కరాచీలో రోష్నీ హెల్ప్‌లైన్ అనే స్వచ్ఛంద సంస్థ కోసం తీసిన అవగాహన చిత్రం. అసలు చిత్రంలో ఆ బండి వెనక్కి వస్తుంది, పిల్లవాణ్ని దించుతారు, పిల్లల్ని ఎత్తుకుపోవడం ఎంత సులువో చెప్పే అట్టను చూపిస్తారు. ఆ చివరి భాగాన్ని ఎవరో కత్తిరించేశారు. ఒక్క దృశ్యం కూడా కొత్తగా కల్పించకుండానే జాగ్రత్త చెప్పే చిత్రం భయపెట్టే సాక్ష్యంగా మారిపోయింది.

ఇలాంటి వీడియోతో వచ్చే రాతను నిదానంగా చదవాలి. సాధారణంగా అది ఇలా ఉంటుంది: ‘మన ఏరియాలో ముఠా దిగింది. నిన్న ఇద్దరు పిల్లలు మాయం. పోలీసుల హెచ్చరిక. మీ పిల్లల మీద ప్రేమ ఉంటే వెంటనే అందరికీ పంపండి.’ ‘మన ఏరియా’ అంటే ఎవరు చదివితే వారి ఊరే. ‘నిన్న’ అన్నది ఏ రోజు చదివినా నిన్నే. తేదీ, ఊరు రాసి ఉంటే ఆ సందేశం వారంలో పాతబడేది, పక్క జిల్లాలో చెల్లేది కాదు. అందుకే ఆ లోపాన్ని నేను అజాగ్రత్తగా అనుకోను. సందేశం బతకడానికి కారణమే అది. పోలీసులు నిజంగా ప్రకటన ఇస్తే తేదీ, స్టేషన్ పేరు, అధికారి పేరు, హోదా ఉంటాయి. కేసు నమోదైతే దానికో నంబరు ఉంటుంది. ‘పోలీసుల హెచ్చరిక’ అన్న రెండు మాటలు వీటిలో దేనికీ సాటి రావు.

ఇక చివరి వాక్యం. పంపితే ప్రేమ ఉన్నట్టు, ఆగితే లేనట్టు. ఆలోచించడానికి తీసుకునే పది నిమిషాలను కూడా అది తల్లిదండ్రుల తప్పుగా మార్చేస్తుంది. సమాచారం ఇచ్చేవాడికి మన ప్రేమను పరీక్షించాల్సిన అవసరం ఏముంది?

కరాచీ వీడియో లాంటిదాన్ని పట్టుకోవడం కష్టం కాదు. ముఖ్యమైన దృశ్యం దగ్గర ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, గూగుల్ లెన్స్‌లో వెతికితే పాత వీడియో ఆనవాలు తరచుగా దొరుకుతుంది. వాహనాల నంబరు పలకలు, దుకాణాల బోర్డుల మీది భాష కూడా ఊరిని పట్టిస్తాయి. సందేశం పైన రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అయితే ఆ గుర్తు లేనంత మాత్రాన పంపినవాడే రాశాడనుకోకూడదు. రాతను కాపీ చేసి కొత్తగా అతికిస్తే ఫార్వర్డ్ ముద్ర కనిపించదు.

ఈ పద్ధతులేవీ పనికిరాని సందర్భం ఒకటుంది, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే. 2018 జులై 13న హైదరాబాద్ నుంచి వెళ్లిన కొందరు మిత్రులు కర్ణాటకలోని బీదర్ జిల్లాలో ఒక ఊరి దగ్గర ఆగి, బడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అక్కడివారు అనుమానించి నిలదీశారు. భయంతో వాళ్లు కారులో బయలుదేరగానే కిడ్నాపర్లు వస్తున్నారన్న కబురు వాట్సాప్‌లో ముందున్న ముర్కి గ్రామానికి చేరింది. అక్కడ దారి మూసేశారు. కారు బోల్తా పడింది. గుంపు దాడిలో ఒక యువ ఇంజినీరు చనిపోయాడు.

ఇక్కడ పాత వీడియో లేదు. ఊరు నిజం, కారు నిజం, చాక్లెట్లు కూడా నిజమే. గూగుల్ లెన్స్ ఇక్కడేం చేస్తుంది? చూసింది చాక్లెట్లు ఇవ్వడం, పంపింది ‘కిడ్నాపర్లు’ అన్న తీర్పు. ఈ రెంటి మధ్య ఉండాల్సిన ఆధారమే లేదు. ఏ పిల్లవాడు తప్పిపోయాడు, ఎవరి బిడ్డ అని ముర్కిలో ఒక్కరు తిరిగి అడిగినా చెప్పడానికి పేరు ఉండేది కాదు.

అలా అడగడానికి మనిషి కావాలి. ఆ ఏడాదే తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గ్రామాలకు పోలీసులను కేటాయించి, డప్పులతో, పాటలతో ఈ పుకార్ల గురించి ఊరూరా చెప్పించారు. అనుమానం వస్తే ఎవరికి ఫోను చేయాలో ఊరివాళ్లకు ముఖపరిచయంతో తెలిసింది. ‘ఫార్వర్డ్ చేయకండి’ అని ఊరుకోవడం కంటే ఇది మేలని నా అభిప్రాయం. పిల్లల గురించి భయపడినవాడికి ఏదో ఒకటి చేయాలనే ఉంటుంది. 112కు ఫోను చేయడం, లేదా తెలిసిన కానిస్టేబుల్‌ను అడగడం ఆ ఆరాటానికి దారి చూపుతుంది. గ్రూపులో కూడా ‘అబద్ధం’ అని కొట్టిపారేస్తే పంపినవారు పట్టుదలకు పోతారు. ‘మీరు చూశారా, లేక ఎవరైనా పంపారా? తప్పిపోయిన పిల్లవాడిది ఏ ఊరు?’ అని మర్యాదగా అడిగితే, ఆ ప్రశ్నను వాళ్లు తమకు పంపినవారికి చేరవేసే అవకాశం ఉంటుంది.