మిక్సింగ్ వెంటనే కరెక్ట్ అయిందని రిపోర్టు మూసేయకండి

రక్తం గడ్డకట్టే పరీక్షలు చేసే ల్యాబులో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. ఈ పోస్టు కోపంతోనే రాస్తున్నాను. ల్యాబులో పని చేసేవాళ్లు, వార్డులో ఆ రిపోర్టులు చదివేవాళ్లు కాస్త ఓపికగా చదవండి.

68 ఏళ్ల ఒక పెద్దావిడ మా దగ్గరికి వచ్చారు. ఎడమ ముంజేయి మోచేతి నుంచి వేళ్ల దాకా నల్లగా కమిలిపోయి ఉంది. తొడ లోపల కండరంలో రక్తం చేరి గట్టిగా వాచింది. దెబ్బ తగల్లేదు, జారి పడలేదు. హీమోగ్లోబిన్ 7.1. చేతిలో వేరే చోట చేయించిన రిపోర్టు. దాంట్లో రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చూపే ఏపీటీటీ 80 సెకన్ల పైన ఉంది. దాని కింద ఒకే ఒక్క వాక్యం: మిక్సింగ్ కరెక్ట్ అయింది, ఫ్యాక్టర్ లోపం కావచ్చు. ఆ వాక్యాన్ని నమ్మి రెండు రోజులు ప్లాస్మా ఎక్కించారు. ఆ రెండు రోజుల్లో తొడ వాపు ఇంకా పెరిగింది.

వాళ్లమ్మాయి నాతో చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "అమ్మకి ఇద్దరు పిల్లలండి. తర్వాత గాల్ బ్లాడర్ ఆపరేషన్ కూడా అయింది. ఎప్పుడూ ఇలా రక్తం కారలేదు." ఈ మాట వినగానే పుట్టుకతో వచ్చిన ఫ్యాక్టర్ లోపం మీద అనుమానం సగం పోవాలి. కాన్పుల్లో, ఆపరేషన్‌లో ఇబ్బంది లేనివాళ్లకి 68 ఏళ్లకి ఇంత రక్తస్రావం మొదలైందంటే, మధ్యలో కొత్తగా ఏదో వచ్చి చేరిందని అర్థం.

మిక్సింగ్ ఎందుకు చేస్తామో తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. ఏపీటీటీ ఎక్కువ రావడానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఏదో ఒక ఫ్యాక్టర్ తక్కువై ఉండాలి, లేదా ఉన్న ఫ్యాక్టర్‌ని పని చేయనీయకుండా ఇన్హిబిటర్ ఏదో అడ్డుపడుతూ ఉండాలి. పేషెంటు ప్లాస్మాలో అంతే కొలత నార్మల్ ప్లాస్మా కలిపి మళ్లీ ఏపీటీటీ చూస్తాం. పేషెంటులో ఆ ఫ్యాక్టర్ సున్నా ఉన్నా, కలిపినదాంట్లో సుమారు 50% ఉంటుంది. మామూలుగా ఒక ఫ్యాక్టర్ 30-40% కంటే తగ్గితేనే ఏపీటీటీ పెరుగుతుంది కాబట్టి 50% ఉంటే నార్మల్‌కి వచ్చేస్తుంది. ఇన్హిబిటర్ ఉంటే అది కలిపిన ఫ్యాక్టర్‌ని కూడా అడ్డుకుంటుంది, టైమ్ తగ్గదు. ఇంతవరకు అందరికీ తెలుసు. అందరూ ఇక్కడే ఆగిపోతారు కూడా. నా గొడవంతా దాని గురించే.

అన్ని ఇన్హిబిటర్లూ ఒకే వేగంతో పని చేయవు. లూపస్ యాంటీకోయాగులెంట్ ఏపీటీటీ రీఏజెంట్‌లోని ఫాస్ఫోలిపిడ్ మీద పడుతుంది, కాబట్టి సాధారణంగా ప్లాస్మా కలిపిన నిమిషంలోనే బయటపడుతుంది. ఫ్యాక్టర్ 8 మీద పుట్టే యాంటీబాడీ అలా కాదు. అది నెమ్మదిగా పట్టుకుంటుంది. కొత్తగా కలిపిన ఫ్యాక్టర్ 8ని పాడు చేయడానికి దానికి 37 డిగ్రీల వేడి కావాలి, గంటో రెండు గంటలో సమయం కావాలి. కలిపిన వెంటనే మెషీన్‌లో పెడితే, యాంటీబాడీ ఇంకా పని మొదలుపెట్టకముందే గడ్డ కట్టేస్తుంది, మనకి చక్కగా నార్మల్ టైమ్ కనిపిస్తుంది. ఆ పెద్దావిడ రిపోర్టులో జరిగింది ఇదే. టెస్టు తప్పు కాదు, వచ్చిన నంబరూ తప్పు కాదు. దాన్ని చివరి మాటగా రాయడం తప్పు.

మా బెంచ్ మీద ఏం చేశామో నంబర్లతో సహా చెబుతాను.

ముందుగా కొత్త శాంపిల్ అడిగాం, నేరుగా సిర నుంచి తీయమని, లైన్ నుంచి వద్దని. పీటీ 12.4 సెకన్లు, నార్మల్. ప్లేట్‌లెట్లు, ఫైబ్రినోజెన్ నార్మల్. థ్రాంబిన్ టైమ్ 16 సెకన్లు, అదీ నార్మల్. థ్రాంబిన్ టైమ్ లేకుండా నేను మిక్సింగ్ మొదలుపెట్టను. హెపారిన్ కలిసిన శాంపిల్‌లో కూడా ఏపీటీటీ పెరుగుతుంది, నార్మల్ ప్లాస్మా కలిపినా సరిగా తగ్గదు. చూసినవాళ్లు ఇన్హిబిటర్ అని రాసేస్తారు. అప్పుడు థ్రాంబిన్ టైమ్ బాగా పెరిగి ఉంటుంది, రెప్టిలేస్ టైమ్ మాత్రం నార్మల్‌గా ఉంటుంది. ఈ ఒక్క పని చేయక ఎంతమందిని టెన్షన్ పెట్టారో నాకు తెలుసు. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారా అని అడగడం కూడా ఇందులో భాగమే.

ప్లాస్మాని రెండుసార్లు సెంట్రిఫ్యూజ్ చేశాం, ప్లేట్‌లెట్లు మిగలకుండా. పేషెంటు ఏపీటీటీ 82 సెకన్లు, మా పూల్డ్ నార్మల్ ప్లాస్మా 31. సమానంగా కలిపి వెంటనే చూస్తే 36. చాలామంది వాడే రోస్నర్ ఇండెక్స్ ప్రకారం, కలిపినదాంట్లోంచి నార్మల్‌ని తీసేసి, పేషెంటు టైమ్‌తో భాగించి, 100తో గుణిస్తే 6 వస్తుంది. 15 దాటితే ఇన్హిబిటర్ అనేది పాత లెక్క. ప్రతి ల్యాబూ తన రీఏజెంట్‌కి తన కటాఫ్ తేల్చుకోవాలి, కానీ 6 అనేది ఎవరి లెక్కలో చూసినా కరెక్ట్ అయినట్టే. అంటే వేరే చోట వచ్చిన ఫలితమే మాకూ వచ్చింది.

తర్వాత మూడు ట్యూబులు తీసుకున్నాం. ఒకదాంట్లో నార్మల్ ప్లాస్మా, రెండోదాంట్లో పేషెంటు ప్లాస్మా, మూడోదాంట్లో రెండూ సమానంగా కలిపినది. మూడింటికీ మూతలు గట్టిగా బిగించి 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాం. మూత లేకపోతే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, ఆ ఒక్క కారణంతోనే టైమ్ సాగిపోతుంది.

ఇక్కడ చాలా చోట్ల వదిలేసే ట్యూబు ఒకటుంది. రెండు గంటలయ్యాక మొదటి ట్యూబు నుంచి, రెండో ట్యూబు నుంచి సమానంగా తీసుకుని అప్పటికప్పుడు కలిపి నాలుగో ట్యూబు తయారు చేయాలి. ఇదే కంట్రోల్. దీని అవసరం ఏమిటంటే, ఫ్యాక్టర్ 8, ఫ్యాక్టర్ 5 వేడికి నిలవవు. ఏ ఇన్హిబిటర్ లేకపోయినా రెండు గంటలు వెచ్చగా ఉంటే నార్మల్ ప్లాస్మా టైమే కొన్ని సెకన్లు పెరుగుతుంది. మూడో ట్యూబులో పెరిగినదంతా ఇన్హిబిటర్ ఖాతాలో వేస్తే, లేని జబ్బుని అంటగట్టినవాళ్లమవుతాం. నాలుగో ట్యూబులోని ప్లాస్మాలు కూడా అంతే సేపు, అంతే వేడిలో ఉన్నాయి. ఒకే తేడా, అవి విడివిడిగా ఉన్నాయి. ఒకదాన్ని ఒకటి తాకడానికి సమయం దొరకలేదు. కాబట్టి మూడుకీ నాలుగుకీ మధ్య వచ్చే తేడా మాత్రమే యాంటీబాడీ చేసిన పని.

మా నంబర్లు: నార్మల్ 31 నుంచి 34 అయింది. పేషెంటు 86. కంట్రోల్ 39. రెండు గంటలు కలిసి ఉన్న ట్యూబు 58.

39, 58. ఒకే ప్లాస్మాలు, ఒకే కొలతలు, ఒకే వేడి. మధ్యలో 19 సెకన్లు. ఆ నంబర్లు స్క్రీన్ మీద పడగానే నేను రిపోర్టు టైప్ అయ్యేదాకా ఆగలేదు, వార్డుకి ఫోన్ చేశాను. డ్యూటీ డాక్టరు అడిగాడు: "మేడమ్, పాత రిపోర్టులో కరెక్ట్ అయిందని ఉంది కదా?" "వెంటనే చూస్తే మాకూ కరెక్ట్ అయింది బాబూ, రెండు గంటలకి పెరిగింది. ఫ్యాక్టర్ 8 మీద ఇన్హిబిటర్ అనుకుని జాగ్రత్త పడండి. ఆ వాపు మీద కత్తి పెట్టనీయకండి, సెంట్రల్ లైన్ కూడా ఆలోచించి వేయండి" అన్నాను. హెమటాలజీ వాళ్లని అప్పుడే పిలిచారు.

సాయంత్రానికి ఫ్యాక్టర్ 8 స్థాయి 2% అని తేలింది. 9, 11 నార్మల్. వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ బాగానే ఉంది. బెథెస్డా పరీక్షలో 24 యూనిట్లు. నార్మల్ ప్లాస్మాలోని ఫ్యాక్టర్ 8లో సగాన్ని 37 డిగ్రీల దగ్గర రెండు గంటల్లో పోగొట్టేది ఒక యూనిట్. ఆ పరీక్షకి రెండు గంటలు పెట్టింది కూడా ఈ యాంటీబాడీ నెమ్మదితనం వల్లే. జబ్బు పేరు అక్వైర్డ్ హీమోఫీలియా ఏ. పెద్ద వయసువాళ్లలో, కాన్పయిన ఆడవాళ్లలో, ఆటో ఇమ్యూన్ జబ్బులు, క్యాన్సర్ ఉన్నవాళ్లలో వస్తుంది. సుమారు సగం మందిలో ఏ కారణమూ దొరకదు.

ప్లాస్మా ఎందుకు పని చేయలేదో ఇప్పుడు అర్థమైంది కదా. అసలు ప్లాస్మాలో ఉండే ఫ్యాక్టర్ 8 కొంచెమే, దాన్ని కూడా యాంటీబాడీ తినేస్తుంది. ఇలాంటి వాళ్లకి ఫ్యాక్టర్ 8ని దాటేసి గడ్డ కట్టించే బైపాసింగ్ మందులు కావాలి, యాంటీబాడీ తయారీ ఆగడానికి స్టెరాయిడ్ లాంటివి కావాలి. లోపం అని రాసిన ఒక్క వాక్యం ఈ దారంతా మూసేసింది.

"రెండు గంటలు ఎక్కడ ఆగుతామండీ, వార్డు వాళ్లు అర్జెంట్ అంటారు" అని నాతో వాదించినవాళ్లున్నారు. అర్జెంట్ అయితే వెంటనే వచ్చిన నంబరు ఇవ్వండి, కానీ ఇది తాత్కాలికం, ఇన్క్యుబేషన్ నడుస్తోంది అని రాయండి. ఆ రెండు గంటల్లోనే ఫ్యాక్టర్ 8 కూడా చేయండి. ఆ మాత్రం ప్లాస్మా శాంపిల్‌లో మిగులుతుంది. రక్తం కారుతున్న మనిషి విషయంలో మిక్సింగ్ ఏం చెప్పినా నేను ఫ్యాక్టర్ 8 చేయకుండా వదలను. ఎందుకంటే యాంటీబాడీ మోతాదు, అంటే టైటర్, బాగా తక్కువుంటే రెండు గంటల మిక్సింగ్ కూడా జారవిడవచ్చు. టైటర్ ఎక్కువుంటే వెంటనే చేసిన మిక్సింగే కరెక్ట్ కాకపోవచ్చు, అప్పుడు దాన్ని లూపస్ అనుకునే ప్రమాదం ఉంది. లూపస్ యాంటీకోయాగులెంట్ ఉన్నవాళ్లకి సాధారణంగా రక్తం కారదు, గడ్డలు కడతాయి. మంచం మీదున్న మనిషిని చూడకుండా నంబరు మాత్రం చూసేవాళ్లు ఈ రెండింటినీ తారుమారు చేస్తారు.

రిపోర్టు రాసే అందరికీ నా మనవి. మీ ఫారంలో మిక్సింగ్ అని ఒకే గడి ఉంటే మార్పించండి. వెంటనే, రెండు గంటలకి, రెండు గంటల కంట్రోల్ అని మూడు గడులు పెట్టించండి. చివరి రెండూ ఖాళీగా ఉంటే కింద లోపం అన్న మాట రాయకండి.

ఆ పెద్దావిడకి ఆరు వారాల తర్వాత మళ్లీ శాంపిల్ వచ్చింది. ఫ్యాక్టర్ 8 స్థాయి 48%. ఏపీటీటీ దాదాపు నార్మల్‌కి వచ్చింది, అయినా నాలుగు ట్యూబులూ పెట్టి చూశాను. కలిసి ఉన్నది 36, కంట్రోల్ 35.