విచారించడానికి మీరెవరు?

అనంతపురం జిల్లాలోని ఒక ప్రైవేటు వసతి గృహంలో ఉద్యోగి తనపై లైంగిక దాడి చేశాడని ఒక బాలిక వార్డెన్‌కు చెప్పుకున్న మాట పోలీసులను చేరడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ యాజమాన్యం ఊరికే కూర్చోలేదు. ప్రిన్సిపాల్ గదిలో పిల్లను నిలబెట్టి, ఆరోపణ వచ్చిన ఉద్యోగిని ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టి 'నిజమేనా, బాగా గుర్తు చేసుకో' అని అడిగింది. జరిగింది తెల్ల కాగితం మీద రాయించింది. సరిగా రాలేదని మళ్లీ రాయించింది. దీనికి పెట్టిన పేరు అంతర్గత విచారణ.

ఎవరు చేయమన్నారు ఈ విచారణ? నేరం జరిగిందని తెలిస్తే చాలు, జరగవచ్చన్న భయం కలిగినా చాలు, పోలీసులకు చెప్పి తీరాలంటుంది 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్. రుజువులు పట్టుకురమ్మని ఎవరినీ అడగదు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ బాధ్యుడికి 21వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, జరిమానా. తొందరపడితే అమాయకుడి పరువు పోతుందని యాజమాన్యం వాదన. అమాయకుడో కాడో తేల్చేది కోర్టు, ప్రిన్సిపాల్ గది కాదు.

ఆ గదిలో జరిగిన నష్టం చిన్నది కాదు. పిల్ల వాంగ్మూలాన్ని ఇంట్లోనో, తను కోరిన చోటనో, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి యూనిఫాం లేకుండా తీసుకోవాలి. కోర్టులో న్యాయవాది సైతం పిల్లను నేరుగా ప్రశ్నించకూడదు, జడ్జి ద్వారానే అడగాలి. సాక్ష్యం చెప్పేటప్పుడు నిందితుడు కంటపడకూడదు. చట్టం తెర కట్టి దాచమన్న మనిషిని వీరు ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టారు! రేపు ఆ రెండు కాగితాల్లో ఒక తేదీ తేడా కనిపించినా డిఫెన్స్‌కు అదే ఆయుధం. వైద్య పరీక్షలో నమూనాల సేకరణకు మార్గదర్శకాలు చెప్పే గడువు 96 గంటలు. అది ఈ విచారణ సగంలో ఉండగానే ముగిసింది.

ఇంత జరిగినా కేసు ఆ ఉద్యోగి ఒక్కడి మీదే పెట్టారు. మా ఆందోళనంతా ఇక్కడే. మహారాష్ట్రలోని చంద్రపూర్ హాస్టల్ కేసులో, బాలికలకు వైద్యం చేసిన డాక్టరు లైంగిక దాడుల విషయం తెలిసీ చెప్పలేదన్న ఆరోపణపై పెట్టిన కేసును హైకోర్టు కొట్టేస్తే, 2022లో సుప్రీంకోర్టు పునరుద్ధరించింది. తెలిసీ చెప్పకపోవడం చాలాసార్లు నేరస్థులను కాపాడే ప్రయత్నమేనని తేల్చిచెప్పింది. డాక్టరుకు వర్తించిన చట్టం కరస్పాండెంటుకు వర్తించదా? ఇక్కడ 21వ సెక్షన్ చేర్చకపోతే, కడప నుంచి కర్నూలు దాకా ప్రతి యాజమాన్యం నేర్చుకునే పాఠం ఒక్కటే: తొమ్మిది రోజులు మనవే.

'పోలీసులకు పూర్తిగా సహకరిస్తున్నాం' అని యాజమాన్యం ప్రకటన పంపింది. అయితే పిల్ల చేత రాయించిన ఆ రెండు కాగితాలు ఇంకా మీ బీరువాలోనే ఎందుకున్నాయి?