లీవు ముందు అడిగినవాళ్లదేనా?

ఈ ఏడాది, 2026లో, ఉగాది మార్చి 19, గురువారం వచ్చింది. ఇరానీయుల కొత్త సంవత్సరం నౌరూజ్ ప్రవేశించే ఘడియ మర్నాడే. రంజాన్ పండుగ నెలవంకను బట్టి శుక్రవారమో, శనివారమో. మా సపోర్ట్ టీమ్‌లో ఏ రోజైనా ఇద్దరికి మించి లీవు ఇవ్వడం కుదరదు.

నేను జనవరిలోనే గురు, శుక్ర, శనివారాలకు లీవు పెట్టేశాను. నాకు కావలసింది ఉగాది ఒక్కటే. మిగతా రెండు రోజులూ విశ్రాంతికని కలుపుకున్నాను. ఇరాన్ నుంచి వచ్చిన సహోద్యోగిని నౌరూజ్‌కు శుక్రవారం తీసుకున్నారు. మార్చిలో ముస్లిం సహోద్యోగి అడిగేసరికి శుక్రవారం నిండిపోయింది. ‘ముందే అడగాల్సింది’ అన్నాను. ‘నెలవంక కనిపిస్తేగానీ పండుగ ఏ రోజో తెలియదు. జనవరిలో ఏ తేదీ రాయమంటారు?’ అన్నారాయన.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ముందు అడిగినవారికే లీవు అనే పద్ధతి, తేదీ ముందే తెలిసిన పండుగలవాళ్లకే అనుకూలం. మనకు పంచాంగం ఉంది, క్రిస్మస్‌కు డిసెంబర్ 25 ఉంది. ఆయనకు అటువంటి తేదీ చేతిలో లేదు. ఇందులో ఆయన అలసత్వం ఏమీ లేదు.

నేను శుక్ర, శనివారాలు వదులుకున్నాను. మేనేజర్ ఆయన పేరు రెండు రోజులకూ రాశారు. గురువారం రాత్రి పండుగ ఏ రోజో ఖాయమయ్యాక రెండోది తిరిగి ఇచ్చేయాలని ముందే మాట్లాడుకున్నాం. ఇచ్చేసిన రోజు ఎవరు డ్యూటీకి వస్తారన్నది కూడా ముందే రాసిపెట్టాలి. లేకపోతే ఆ రాత్రి అందరికీ ఫోన్లు, టెన్షన్.

నా అభిప్రాయంలో ఏడాది మొదట్లో ఒక్కొక్కరూ తప్పనిసరిగా కావలసిన ఒక్క పండుగ చెప్పాలి. అందరూ చెప్పేవరకూ ఎవరికీ రెండో రోజు ఇవ్వకూడదు. ఒకే రోజుకు ముగ్గురు పడితే చీటీ వేయాలి, ఓడినవారికి వచ్చే ఏడాది మొదటి అవకాశం. పండుగ లేనివాళ్లకు కూడా ఇదే హక్కు ఉండాలి. బిడ్డ పుట్టినరోజు కావచ్చు, ఏమీ కాకపోవచ్చు, కారణం అడగకూడదు. లేకపోతే అందరి పండుగల డ్యూటీలూ వాళ్ల నెత్తినే పడతాయి.

ఇంకొకటి. విదేశాల్లో క్రిస్మస్‌కు చాలా ఆఫీసులు మూసేస్తాయి, ఆ సెలవు ఎవరి లెక్కలోంచీ పోదు. మనం ఉగాదికీ దీపావళికీ సొంత లీవు ఖర్చు పెడతాం. మా సపోర్ట్ పని ఆ రోజూ ఆగదు కాబట్టి, క్రిస్మస్‌నాడు డ్యూటీ చేసినవారికి తమ పండుగకు బదులు సెలవు దొరకాలి. ఇది నోటిమాటగా ఉంటే మేనేజర్ మారిన రోజే పోతుంది. అందుకే రోస్టర్‌లోనే రాయమని అడిగాను, మా టీమ్‌లో ఇప్పుడు రాస్తున్నారు.