రిపోర్టు వచ్చేదాకా మందు ఆపుతారా?

మెదడు పొరలకు సోకే మెనింజైటిస్ అని అనుమానించి కూడా మొదటి డోసు యాంటీబయాటిక్‌ను వెన్నునీటి రిపోర్టు వచ్చేదాకా ఆపడం క్షమించరాని జాప్యం. ‘వైరలే అయి ఉంటుంది, చూద్దాం’ అన్న మాటతో మొదలయ్యే ఆ జాప్యానికి మూల్యం చెల్లించేది బిడ్డే. బాక్టీరియా మెనింజైటిస్ చంపకుండా వదిలినా వినికిడిని తీసుకుపోగలదు.

8 నెలల పాపకు జ్వరం, వాంతులు. పాలు పట్టదు, ఎత్తుకుంటే ఇంకా గుక్కపెట్టి ఏడుస్తుంది, మాడు ఉబ్బి ఉంది. మెడ మాత్రం బిగుసుకోలేదు. అంతమాత్రాన ధీమా పడే వీల్లేదు, ఏడాదిలోపు పిల్లల్లో ఆ లక్షణం తరచూ కనిపించదు. ఇక తేల్చాల్సింది వెన్నునీరే. ఆ నీరు తీయడానికి వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయని తల్లిదండ్రులు హడలిపోతారు. వెన్నుపాము ముగిసిన చోటుకు దిగువనే ఆ సూది వెళ్తుందని కూర్చుని చెప్పే ఓపిక డాక్టర్లకు ఉండాలి.

ఆ పాప వెన్నునీరు మసకగా వచ్చిందనుకుందాం. తెల్లకణాలు 1,800, అందులో 90 శాతం బాక్టీరియాపై పోరాడే న్యూట్రోఫిల్స్ రకం. ప్రొటీన్ 180. అదే సమయంలో రక్తంలో గ్లూకోజ్ 96 ఉంటే వెన్నునీటిలో 22 మాత్రమే ఉంది. మామూలుగా అది రక్తంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులు, అంటే 60కి పైన ఉండాలి. ఇది బాక్టీరియా పనే. వైరల్ అయితే నీరు సాధారణంగా తేటగా ఉంటుంది, కణాలు పదుల్లోనో వందల్లోనో ఉంటాయి, వాటిలో లింఫోసైట్లు అనే మరో రకం తెల్లకణాలు ఎక్కువ, గ్లూకోజ్ దాదాపు మామూలే. అయితే వైరల్‌లోనూ తొలి గంటల్లో న్యూట్రోఫిల్స్ ఎక్కువ కనిపించవచ్చు. ఒక్క అంకె చూసి తీర్పు చెప్పేయకూడదు.

ముందే మందిస్తే, క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షలో అది దొరకదన్న అభ్యంతరం ఉంది, అది నిజమే. మెనింగోకాకస్ అనే బాక్టీరియా అయితే రెండు గంటల్లోనే మాయం కావచ్చు. కానీ కణాలు, ప్రొటీన్ అంత త్వరగా మామూలు కావు, జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షలో క్రిమి జాడ ఇంకా దొరకవచ్చు. రక్తం కల్చర్‌కు తీయడానికి కొన్ని నిమిషాలు చాలు. అది తీసి, వెంటనే సూది గుచ్చగలిగితే గుచ్చి, గంటలోపు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ పడాలి (నెలలోపు శిశువులకు మందులు వేరు). బిడ్డ షాక్‌లో ఉన్నా, స్పృహ తగ్గుతున్నా, తలలో ఒత్తిడి పెరిగిన గుర్తులున్నా సూది వాయిదా వేయాలి. మందు కాదు. స్కానింగ్ గది ఖాళీ కాలేదన్నదీ మందు ఆపడానికి కారణం కాదు.

వైరల్ అని తేలితే యాంటీబయాటిక్ మానేయవచ్చు. ఒకటి రెండు రోజులు అనవసరంగా ఇచ్చిన మందుతో జరిగే నష్టం చిన్నది. ఆలస్యమైన గంటలను మాత్రం ఏ రిపోర్టూ తిరిగివ్వదు. కేస్‌షీట్‌లో ‘మెనింజైటిస్ అనుమానం’ అని రాసి, దాని కింద మొదటి డోసు వేసిన సమయం రాయని ప్రతి డాక్టరూ ఆ ఖాళీ గడికి జవాబు చెప్పాలి.