సవరణ: స్విచ్ కొట్టినా టాక్స్ పడతది

"అన్నా, ఒక మ్యూచువల్ ఫండ్ నుంచి వేరే ఫండ్‌కి స్విచ్ కొడితే డబ్బు చేతికి రాదు కదా, టాక్స్ ఎందుకు?"

మొన్నటి పోస్ట్‌లో "బ్యాంకులో పడితేనే టాక్స్" అన్న లైన్ కొట్టేశా, ఇలా చదువుకోండి. లాభం ఫండ్‌లోనే ఉండిపోయే గ్రోత్ ఆప్షన్‌లో ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ ధర, ఎంత పెరిగినా యూనిట్లు అమ్మేదాకా టాక్స్ లేదు, కానీ స్విచ్ అంటే అమ్మి మళ్ళీ కొన్నట్టే, అదే ఫండ్‌లో ఏజెంట్ ద్వారా కొనే రెగ్యులర్ ప్లాన్ నుంచి నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్‌కి మారినా అంతే. కూకట్‌పల్లిలో ఒకాయన ఈక్విటీ ఫండ్‌లో పెట్టిన 4 లక్షలు మూడేళ్ళకి 6 లక్షలై, మొత్తం స్విచ్ చేశాడనుకోండి. లాభం 2 లక్షలు, ఆ ఏడాది వేరే లాభాలేం లేకపోతే 1.25 లక్షలు మినహాయింపు, మిగతా 75,000 మీద 12.5% అంటే 9,375, సెస్ వేరే. అకౌంట్‌లోకి రూపాయి రాలేదు, టాక్స్ మాత్రం జేబులోంచే. మధ్యమధ్యలో ఫండే డబ్బు పంచే పేఔట్ ఆప్షన్‌లో అయితే ఏమీ అమ్మకపోయినా డబ్బు వచ్చిన ఏడాదే అది ఆదాయంలో కలిసి స్లాబ్ ప్రకారం టాక్స్ పడతది, పైగా ఆ మేరకు ఎన్‌ఏవీ కూడా తగ్గుతది, జీతం 30% స్లాబ్‌లో ఉన్నోళ్ళకి ఇది అస్సలు గిట్టదు.