రీల్ కవర్ మీద చూసేవాళ్ల సమస్య కనపడాలి

చాలా రోజులుగా చెప్పాలనుకుంటున్న మాట, ఇవాళ రాసేస్తున్నాను. చేతిలో మంచి పని ఉండి, నలుగురికీ పనికొచ్చే విషయం చెప్తూ రీల్స్ తీస్తున్న మనవాళ్లు కవర్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకింత అశ్రద్ధ చేస్తున్నారో నాకు అర్థం కావడం లేదు. షూటింగ్‌కి ఒక పూట పడుతుంది, ఎడిటింగ్‌కి అర్ధరాత్రి దాకా కూర్చుంటారు. తీరా పోస్ట్ చేసేటప్పుడు ఇన్‌స్టాగ్రామ్ చూపించిన ఫ్రేమ్‌నే ఉంచేసి షేర్ నొక్కేస్తారు. అది చాలాసార్లు వీడియో మొదట్లోది. అందులో ఏముంటుంది? "నమస్తే అండీ" అనబోతూ సగం తెరిచిన నోరు, సగం మూసుకున్న కళ్లు.

"కవర్ ఎవరు చూస్తారండీ, వీడియో దానంతటదే ప్లే అవుతుంది కదా" అంటారు. స్క్రోల్ చేస్తుంటే ఎదురయ్యే రీల్ విషయంలో అది నిజమే, అక్కడ కవర్‌తో పెద్దగా పని లేదు. అందుకే కవర్ మారిస్తే రీల్ వైరల్ అవుతుందని చెప్పేవాళ్ల మాట కూడా నేను నమ్మను. కవర్‌తో పని పడేది ప్రొఫైల్లో. మీ రీల్ ఒకటి నచ్చి, ఎవరీ మనిషి అని పేరు మీద నొక్కి లోపలికి వచ్చినవాడికి అక్కడ కదలని బొమ్మలు మాత్రమే కనపడతాయి. వాడు అప్పటికే సగం మీవాడు. ఇంకేమున్నాయో చూద్దామని వచ్చాడు. రెండుసార్లు పైకి తోసి చూస్తాడు, తనకి కావలసింది కనపడకపోతే వెళ్లిపోతాడు. అంత దగ్గరికి వచ్చిన మనిషిని పోగొట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ఒక ఉదాహరణ విడమరిచి చెప్తాను. మా బాబాయి కొడుకు ఎలక్ట్రీషియన్. ఇళ్లలో తను చేసే రిపేర్లనే చిన్న వీడియోలుగా పెడతాడు. చెప్పే విషయం బాగుంటుంది, జాగ్రత్తలు కూడా చెప్తాడు. కానీ వాడి ప్రొఫైల్ తెరిస్తే వరసగా వాడి మొహమే. అదే నీలం చొక్కా, అదే గోడ, కింద పసుపు పట్టీలో "ఎలక్ట్రికల్ టిప్స్ పార్ట్-6", "ఎలక్ట్రికల్ టిప్స్ పార్ట్-7". ఇంట్లో గీజర్ పనిచేయక వచ్చినవాడికి పార్ట్-6 అంటే ఏం తెలుస్తుంది? పార్ట్ నంబర్ లెక్క తీసినవాడిది. చూసేవాడికి దానితో పనిలేదు.

వాటిలో ఒకటి ఫ్యాన్ గురించి. సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ అయిదులో పెట్టినా మెల్లగా తిరుగుతుంటే, లేదా చేత్తో తోస్తే తప్ప కదలకపోతే, చాలాసార్లు తప్పు కెపాసిటర్‌ది. మామూలు ఇంటి ఫ్యాన్లకి ఎక్కువగా 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది. అది బలహీనపడితే మోటారుకి కావలసిన ఊపు అందదు. మెయిన్ ఆపి, పాతది తీసి, అదే విలువది కొత్తది వేయడం ఆ వీడియో. మేమిద్దరం కూర్చుని దాని కవర్ మార్చాం. ముందు ఫ్రేమ్ వెతికాం.

వీడియోలో మూడు చోట్ల ఆగి చూశాం. మొదటిది వాడి మొహం, అది వద్దనుకున్నాం. రెండోది నిచ్చెన ఎక్కి ఫ్యాన్ కప్పు విప్పుతున్నది. అన్నీ ఉన్నాయి అందులో, మనిషి, నిచ్చెన, ఫ్యాన్, పక్కన కిటికీ. ఫోన్ నిండా చూస్తే బాగుంది. ప్రొఫైల్లో బొమ్మలన్నీ వరసగా కనపడే గ్రిడ్‌లోకి వచ్చేసరికి కిటికీ వెలుతురు ఒక తెల్లని మచ్చ, దాని ముందు నల్లటి ఆకారం, అంతే. మూడోది వీడియో చివర్లో ఉంది. ఎడమచేతి వేళ్ల మధ్య ఉబ్బిపోయిన పాత కెపాసిటర్, పక్కనే కొత్తది, వెనక ఖాళీ గోడ. అందులో చూడాల్సింది ఒక్కటే, అదీ పెద్దగా ఉంది. అదే తీసుకోవాలనుకున్నాం. తీరా చూస్తే చెయ్యి కదిలి ఫ్రేమ్ మసకబారింది.

ఇది దాదాపు అందరికీ ఎదురయ్యేదే. గదిలో వెలుతురు తక్కువైతే ఫోన్ ఒక్కో ఫ్రేమ్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, ఆ లోపల చెయ్యి కదిలితే గీతలు పడతాయి. వీడియో నడుస్తుంటే కంటికి తెలియదు, ఆపితే తెలుస్తుంది. దానికితోడు కవర్ ఎంచుకునే చోట ఉండే పట్టీ మీద వేలు కాస్త జరిపితే చాలు, ఎన్నో ఫ్రేములు దాటిపోతాయి. సెకనుకి 30 ఫ్రేముల లెక్కన 40 సెకన్ల వీడియోలో 1200 ఫ్రేములు ఉంటాయి. వేలితో కావలసినదాని మీద ఆపడం కష్టం. అందుకని నేను అందరికీ చెప్పేది ఏమిటంటే, పని అయిపోగానే వస్తువుని కెమెరా ముందు పెట్టి, కిటికీ వెలుతురు వస్తువు మీద పడేలా తిరిగి, ఫోన్ నిలువుగానే పట్టుకుని ఒక ఫోటో తీసుకోండి. కవర్ ఎంచుకునే చోటే గ్యాలరీ నుంచి బొమ్మ పెట్టే వీలుంది. మా తమ్ముడు మళ్లీ అవే రెండు కెపాసిటర్లు పట్టుకుని ఫోటో తీశాడు. వీడియోలో లేనిది కవర్ మీద పెట్టడం మోసం అవుతుంది కానీ, వీడియోలో ఉన్న వస్తువునే స్పష్టంగా చూపిస్తే అందులో తప్పేమీ లేదు.

"అన్నయ్యా, నా మొహం లేకపోతే నన్నెలా గుర్తుపడతారు?" అన్నాడు. ప్రొఫైల్ పైన వాడి ఫోటో ఉంది, పేరు ఉంది. వచ్చినవాడు వాటిని దాటుకునే కిందికి వచ్చాడు. పాట పాడేవాళ్లు, నటించేవాళ్లు అయితే మొహమే సరుకు, వాళ్ల సంగతి వేరు. పని చూపించేవాళ్లకి చెయ్యీ, చేతిలోని వస్తువూ చాలు.

తర్వాత టైటిల్. వాడు మొదట రాసింది "ఫ్యాన్ కెపాసిటర్ మార్చే విధానం". తప్పు లేదు, కానీ ఫ్యాన్ తిరగని ఇంట్లోవాళ్లకి తప్పు కెపాసిటర్‌దని తెలిస్తే వాడి వీడియోతో పనేముంది? వాళ్లకి తెలిసింది ఒక్కటే, ఫ్యాన్ మెల్లగా తిరుగుతోంది, ఉక్కపోస్తోంది. డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు జబ్బు పేరు చెప్పరు, ఎక్కడ నొప్పిగా ఉందో చెప్తారు. టైటిల్ కూడా ఆ నొప్పి మాటల్లోనే ఉండాలి. కస్టమర్ ఫోన్ చేసినప్పుడు మొదట ఏమంటాడు అని అడిగాను. "ఫ్యాన్ మెల్లగా తిరుగుతోందన్నా అంటారు" అన్నాడు. అదే పెట్టాం, మూడు లైన్లలో "ఫ్యాన్ / మెల్లగా / తిరుగుతోందా?" అని. కెపాసిటర్ అన్న మాట రాయనక్కర్లేదు, అది బొమ్మలో ఉంది. బొమ్మలో కనపడేదాన్నే అక్షరాల్లో మళ్లీ రాస్తే ఉన్న కాస్త చోటూ వృథా.

"ఈ ఒక్క తప్పు చేస్తే ఫ్యాన్ కాలిపోతుంది", "షాకింగ్ నిజం" లాంటివి కూడా వాడికి సలహా ఇచ్చారట ఎవరో. నాకు వీటి మీద నిజంగా కోపం. నొక్కుతారు, కాదనను. లోపల కాలిపోవడం గురించి ఏమీ లేకపోతే మూడో సెకనులో బయటికి వచ్చేస్తారు, ఇంక మీ ప్రొఫైల్లో ఏ కవర్‌నీ నమ్మరు. రిపేర్ మనిషికి నమ్మకం పోతే మిగిలేది ఏముంటుంది?

ఇక కొలతల సంగతి. రీల్ నిలువుగా 1080 వెడల్పు, 1920 ఎత్తు పిక్సెల్స్ ఉంటుంది. ప్రొఫైల్ గ్రిడ్‌లో అదంతా కనపడదు. 2025 జనవరి దాకా గ్రిడ్ చతురస్రం, ఇప్పుడు 3:4 నిలువు డబ్బా. అంటే మధ్యలో 1440 ఎత్తు మిగిలి, పైన 240, కింద 240 పోతాయి. పాత పసుపు పట్టీలు సగానికి తెగి కనపడటానికి ఇదే కారణం. రీల్స్ ట్యాబ్‌లో మాత్రం నిలువు బొమ్మ దాదాపు పూర్తిగా కనపడుతుంది కాబట్టి, అక్కడ చూసుకుని బాగానే ఉందనుకుంటే గ్రిడ్‌లో దెబ్బతింటారు. మిగిలిన చోటులో కూడా కింద ఎడమ మూలకి వ్యూస్ సంఖ్య వస్తుంది, పైన కుడి మూలకి చిన్న గుర్తు వస్తుంది. ఆ రెండు మూలలూ వదిలేసి అక్షరాలు మధ్యకి తెచ్చుకోవాలి.

అంతకంటే ముఖ్యం, గ్రిడ్‌లో అడ్డంగా మూడు బొమ్మలు ఉంటాయి కాబట్టి మీ కవర్ దాదాపు మూడో వంతుకి కుంచించుకుపోతుంది. 60 పిక్సెల్స్‌లో రాసిన అక్షరం 20 అయిపోతుంది. ఇంగ్లిష్ పెద్దక్షరాలు ఆ సైజులో కూడా ఎలాగోలా తెలుస్తాయి. మన లిపికి ఆ సౌలభ్యం లేదు. పైన గుడి, పక్కన కొమ్ము, కింద ఒత్తు, అన్నీ ఆ కాస్త ఎత్తులోనే ఇమడాలి. చిన్నదైతే గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పోతుంది, ఒత్తు ఒక చుక్కలా మిగులుతుంది. అందుకే తెలుగు టైటిల్‌కి అక్షరం 140, 150 పిక్సెల్స్ ఉండాలంటాను. ఆ సైజులో లైనుకి ఆరేడు అక్షరాలకి మించి పట్టవు. పట్టకపోవడమే మంచిది, మాటలు తగ్గించుకుంటాం.

ఫాంట్ విషయంలో రామభద్ర లాంటి లావు ఫాంట్ ఈ పనికి బాగుంటుంది, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. పెళ్లి కార్డుల మీద బాగుండే వంపుల ఫాంట్లు ఇక్కడ పనికిరావు. లైన్ల మధ్య ఎడం కొంచెం ఎక్కువ ఇవ్వండి, లేకపోతే పై లైను ఒత్తులు కింది లైను తలకట్ల మీద పడతాయి. అక్షరం చుట్టూ లావు అంచు గీసే అలవాటు చాలామందికి ఉంది. తెలుగులో ఆ అంచు అక్షరాల లోపలి ఖాళీల్ని కప్పేసి ముద్దలా చేస్తుంది. అంచు బదులు అక్షరాల వెనక ఒక రంగు పలక వేయండి, ముదురు పలక మీద తెల్ల అక్షరాలు చాలు. మా తమ్ముడి కవర్లో పై సగం ఖాళీ గోడ కాబట్టి పలక కూడా అక్కర్లేకపోయింది, గోడ మీదే నల్లగా రాశాం.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుందని అడుగుతారు. కవర్ చూసి ఎంతమంది నొక్కారన్న లెక్క ఇన్‌స్టాగ్రామ్ విడిగా చూపించదు. రీల్ ఇన్‌సైట్స్‌లో వ్యూస్ ఎక్కడి నుంచి వచ్చాయో చూపించే చోట ప్రొఫైల్ వాటా ఉంటే, కవర్ మార్చక ముందూ తర్వాతా దాన్ని పోల్చుకోండి. అది కూడా పూర్తి రుజువు కాదు, అదే వారం ఇంకో రీల్ బాగా ఆడితే ప్రొఫైల్‌కి జనం ఎక్కువ వచ్చి ఆ అంకె పెరగొచ్చు. దానికంటే నేను నమ్మేది ఇంకోటి. ప్రొఫైల్ స్క్రీన్‌షాట్ తీసి, మీ వృత్తి తెలియని ఇంట్లోవాళ్లకి ఇచ్చి, "ఫ్యాన్ సంగతి ఎక్కడుందో చూపించు" అనండి. కళ్లు చిట్లించారంటే అక్షరం చిన్నది. వేరేదాని మీద వేలు పెట్టారంటే టైటిల్ తప్పు. మా పిన్ని వెంటనే చూపించింది, చూపించి "మన వంటింటి ఫ్యాన్ కూడా ఇంతేగా, ఎప్పుడు మారుస్తావురా" అంది.

పాత రీల్స్‌కి కూడా కవర్ మార్చుకోవచ్చు. రీల్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, ఎడిట్‌లోకి వెళ్తే కవర్ కనపడుతుంది. వీడియో మళ్లీ పెట్టనక్కర్లేదు, వ్యూస్, కామెంట్లు అలాగే ఉంటాయి. అన్నీ ఒకేసారి మార్చాలని కూర్చోవద్దు. పిన్ చేసిన మూడూ, తెరవగానే కనపడే మొదటి వరసలూ ముందు మార్చండి. ఆ తర్వాత జనం కామెంట్లలో మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నకి జవాబు ఏ పాత రీల్లో ఉందో చూసి, ఆ ప్రశ్ననే వాళ్ల మాటల్లో దాని కవర్ మీద రాయండి.